కథలో బగ్, బగ్‌లో పురుగు

ప్రశ్న: హాస్టల్ విద్యార్థి మీద చిన్న కథ రాశాను. తెల్లవారితే ప్రాజెక్టు ఇవ్వాలి, మార్కుల సగటు తప్పుగా వస్తోంది. చివర్లో "ప్రోగ్రాంలో పురుగు దొరికింది. అతను దోషనివారణ నేర్చుకున్నాడు" అని రాస్తే మిత్రులు నవ్వారు. ఏమని రాయాలి?

జవాబు: మిత్రుల నవ్వులో కొంత న్యాయం ఉంది. ప్రోగ్రాంలోని తప్పును ఇంగ్లిష్‌లో బగ్ అంటారు, ఆ మాటకు మామూలు అర్థం పురుగు. కానీ మనకు పురుగు పట్టిందంటే బియ్యమో పప్పో పాడైనట్టు. ప్రోగ్రాంలో మిగతాదంతా బాగుండి ఒక్కచోటే పొరపాటు ఉండవచ్చు. 1947లో హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో నిజంగానే ఓ రెక్కల పురుగు దొరికింది, దాన్ని లాగ్‌బుక్‌లో అతికించారు కూడా. కానీ యంత్రలోపాన్ని బగ్ అనడం అంతకుముందే ఉంది. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో వాడాడు. కాబట్టి బగ్‌ను బగ్‌గానే ఉంచండి.

బగ్‌ను వెతికి సరిచేయడాన్ని డీబగ్ చేయడం అంటారు. దానికి మీరు పెట్టిన 'దోషనివారణ'తో చిక్కు వేరు. వ్యాధి నివారణ అంటే రాకుండా చూడటమని కదా మనకు ముందు తోచేది! మీవాడి దోషం వచ్చి కూర్చుంది. పోనీ 'దోషాన్వేషణ' అందామంటే రంధ్రాన్వేషణలా ఎదుటివాడి తప్పులెంచే వాసన కొడుతుంది. 'డీబగ్ చేయడం' హాయిగా ఉంటుంది. ఫోన్ చేయడం, టైప్ చేయడం లాగే 'చేయు' చేర్చుకుని తెలుగు క్రియ అయిపోయింది.

అయితే మాట మార్చినా మీ ముగింపు నిలబడదు. 'నేర్చుకున్నాడు' అన్నారు గానీ ఏం నేర్చుకున్నాడో కనబడలేదు. మీరు పంపిన కథలోని పైథాన్ కోడ్ ఇది:

```
total = 0
for i in range(1, len(marks)):
    total += marks[i]
print(total / len(marks))
```

కథలో అతను టెన్షన్‌తో లైన్లు మార్చి మార్చి మళ్లీ నడుపుతాడు. దాన్ని వెతకడం అనరు, తడుముకోవడం అంటారు. దానికి బదులు, నోటితో లెక్కకట్టగలిగే మూడే మార్కులు ఇప్పించండి: 40, 50, 60. సగటు 50 రావాలి, సుమారు 36.67 వస్తుంది. దాన్ని మూడుతో హెచ్చిస్తే 110. అంటే భాగహారం సరిగానే ఉంది, మొత్తంలోనే 40 తగ్గింది. లూప్ లోపల `print(i, marks[i])` రాస్తే తెరమీద `1 50`, `2 60` అని రెండే వరుసలు వస్తాయి. 40 లోపలికే రాలేదు! `range(1, ...)`లో 1 తీసి 0 పెట్టాక 50 వస్తుంది.

ఇక్కడ భాష కూడా ఓ తిరకాసు పెట్టింది. "లూప్ ఒకటో మార్కు నుంచి మొదలైంది" అని రాశారు. తెలుగులో ఒకటోది అంటే మొదటిదే. పైథాన్‌లో `marks[1]` రెండో మార్కు, మొదటిది `marks[0]`. మీ వాక్యం చదివినవాడికి ఆ లూప్‌లో తప్పేమీ కనిపించదు. "లూప్ రెండో మార్కు నుంచి మొదలైంది" అనండి. దాని కింద "బగ్ ఎక్కడుందో పట్టుకున్నాడు" అంటే చాలు, 'నేర్చుకున్నాడు' కొట్టేయండి.