ఆరువేల ఎనిమిది వందల ప్యానెల్ కన్నా ముందు కట్టాల్సిన ఎనిమిది వందలు

ప్రశ్న: సార్, మాది ఆమదాలవలస. శ్రీకాకుళంలో బట్టల షాపులో పనిచేస్తాను, నెలకి 13,000 జీతం. రోజూ నా 2014 మోడల్ స్కూటీ మీదే రాకపోకలు. మొన్న ఇసక మీద జారి బండి ఎడమ వైపుకి పడింది. ఆ వైపు సైడ్ ప్యానెల్ పగిలింది, అద్దం విరిగింది. షోరూంలో 6,800 అవుతుందన్నారు. మెకానిక్ 900కి అతికించేస్తానంటున్నాడు కానీ నిలవదేమోనని భయం. చేతిలో 4,000 ఉన్నాయి. ఫోన్‌లో ఒక యాప్ వాళ్లు 10,000 లోన్ చూపిస్తున్నారు. తీసుకుని కొత్తవి వేయించేయమంటారా? పాత బండే కదా అని రెండేళ్లుగా ఇన్సూరెన్స్ కట్టలేదు. ఇప్పుడు కడితే ఈ ఖర్చు అందులో వస్తుందా?

జవాబు: రాదమ్మా. పాలసీ తీసుకోకముందు జరిగిన దెబ్బకి ఏ కంపెనీ డబ్బివ్వదు. అయినా ఆ నాలుగు వేలలోంచి మొదట పోవాల్సినది పాలసీ డబ్బే. ప్యానెల్, అద్దం ఆ తర్వాత. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం కూడా ఇదే. బండి పాతబడింది కాబట్టి ఇన్సూరెన్స్ దండగ అనుకుని మానేసేవాళ్లు మన జిల్లాలో చాలామంది. పాతబడి విలువ తగ్గింది మీ బండికి. మీ బండి తగిలిన మనిషి ప్రాణానికి విలువ తగ్గలేదు.

మొన్న ఇసక మీద జారినప్పుడు బండి రోడ్డుకి తగిలింది. అదే ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నడిచి వెళ్లే ముసలాయనకి తగిలి ఉంటే? ఆయన తుంటి ఎముక విరిగితే ప్రమాద కేసులు చూసే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. థర్డ్ పార్టీ పాలసీ ఉంటే అది కంపెనీ కడుతుంది, ప్రాణనష్టానికి, గాయాలకి దానికి పరిమితి లేదు. పాలసీ లేకపోతే బండి యజమానిగా మీరు కట్టాలి. 13,000 జీతంలోంచి. పోలీసులు ఆపితే మొదటిసారి 2,000 జరిమానా అన్నది దీని ముందు చిన్న సంగతి, కానీ ఆ 2,000 కూడా పాలసీ ధరకి రెండింతల పైనే.

మీ స్కూటీ 75 సీసీ దాటి 150 సీసీ లోపు ఉండే తరగతిలోకి వస్తుంది. ఆ తరగతికి 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 843. ఆర్సీ మీ పేరు మీదే ఉండి, లైసెన్స్ గడువు నడుస్తూ ఉంటే, నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద కవరు కూడా చేర్చుకోండి, అది ఇంకో మూడు నాలుగు వందలు. మొత్తం 1,200 అనుకోండి. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే గడువు తీరిపోయిన బండికైనా సాధారణంగా తనిఖీ అడగరు, కూర్చున్నచోటే అయిపోతుంది.

సొంత డ్యామేజీ పాలసీ ఉండి ఉంటే బాగుండేది కదా అనిపించవచ్చు. ఈ కేసులో పెద్దగా కలిసొచ్చేది కాదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరలో సగం కోసేస్తారు, బండి కొత్తదైనా పాతదైనా అంతే. పైగా ఒక్క క్లెయిమ్‌తో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. పన్నెండేళ్ల స్కూటీకి దాని కోసం ప్రాకులాడక్కర్లేదు.

ఇక ప్యానెల్. షోరూం వాళ్లు చెప్పిన 6,800 ఒక్క ప్యానెల్, ఒక్క అద్దానికే ఎందుకయిందో విడివిడిగా రాసిమ్మనండి. చాలావరకు అందులో పగలని కుడివైపు ప్యానెల్ కూడా ఉంటుంది. పన్నెండేళ్లు ఎండకి వెలిసిన రంగు పక్కన కొత్త రంగు పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అందుకని రెండు వైపులా వేసేస్తారు. అంటే మీరు పగులుకి కాదు, రంగు కలవడానికి డబ్బు పెడుతున్నారన్నమాట.

900 పెట్టి అతికించడం నిలుస్తుందా లేదా అన్నది పగులు ఎక్కడుందన్న దాని మీద ఆధారపడుతుంది. ప్యానెల్ ఊడదీయించి వెనక్కి తిప్పి చూడండి. పగులు ప్యానెల్ మధ్యలో గీతలా ఉంటే అతుకు బాగా నిలుస్తుంది. బండి ఫ్రేములోకి దిగే లాకు విరిగితే, విరిగిన ముక్క చేతిలో ఉన్నప్పుడే అతికించాలి. స్క్రూ రంధ్రం చుట్టూ పెంకులుగా రాలిపోయి ముక్కలు దొరకకపోతే, లేదా రెండు లాకులకి పైగా పోతే, అతుకు మీద డబ్బు పెట్టకండి. అప్పుడు పాత సామాన్ల షాపులో అదే మోడల్ ప్యానెల్ ఒక్కటి వెతకండి. లాకులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి తీసుకోండి, రంగు ఏదైనా సరే. మీకు ఒక అనుకూలం కూడా ఉంది. సైలెన్సర్ కుడివైపు ఉంటుంది, ఎడమ ప్యానెల్‌కి ఆ వేడి తగలదు, అతుకు మెత్తబడదు.

వెనక వైపు చూసేటప్పుడే చిన్న అక్షరాలు కనబడతాయి, `ABS` అనో `PP` అనో అచ్చు ఉంటుంది. ఇది ముఖ్యం. `ABS` అయితే జిగురు పట్టుకుంటుంది, వేడికి కరిగి అతుక్కుంటుంది కూడా. `PP` అయితే మామూలు జిగుర్లేవీ దాన్ని పట్టవు, అదే రకం ప్లాస్టిక్ పుల్లతో వేడిమీద వెల్డింగ్ చేయాలి. అచ్చు అరిగిపోతే రాలిన చిన్న పెంకుని గ్లాసు నీళ్లలో వేసి ముంచండి. తేలితే `PP`, మునిగితే `ABS`. మెకానిక్ ఈ తేడా అడగకుండానే ట్యూబు జిగురు తీశాడంటే ఆ 900 వృథా.

పని ఇలా జరగాలి. ముందు సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, ఆయిల్ జిడ్డు మీద ఏదీ అంటదు. పగులు ఆగిన చివర, గీత ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడ, 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. ఇది వేయకపోతే అతికించిన నెలలోపే గీత ఆ కొననుంచి మళ్లీ ముందుకు పాకుతుంది. గుండ్రటి రంధ్రం దగ్గర లాగుడు ఒక్క బిందువు మీద పడదు, అందుకని ఆగుతుంది. తర్వాత వెనకవైపునుంచి పగులు పొడవునా ప్లాస్టిక్ మందంలో సగం లోతుకి గాడి తీసి, సన్నటి స్టీలు జాలీని రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీగా కోసి పగులు మీద పరిచి, సోల్డరింగ్ ఇనుముతో ప్లాస్టిక్‌లోకి దిగేదాకా అద్దాలి. ఆ పైన అదే రకం ప్లాస్టిక్ తుక్కు కరిగించి గాడి నింపాలి. బలమంతా వెనకనుంచే వస్తుంది. ముందువైపు గీత సన్నగా కనబడుతుంది, కనబడనివ్వండి. ట్యూబు జిగురు ఒక్కటే పూస్తే గట్టిగా అతుకుతుంది గానీ పెళుసు, గుంతల రోడ్డు కుదుపుకి చిట్లిపోతుంది.

డబ్బిచ్చేముందు ప్యానెల్‌ని రెండు చివరలా పట్టుకుని కొంచెంగా మెలిపెట్టండి. అతుకు గీత తెల్లగా మారినా, నోరు తెరిచినా పని అవ్వనట్టే. బండికి బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి నిలబెట్టి, ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. చెయ్యి పెట్టగానే మోత ఆగిపోతే ఎక్కడో స్క్రూ గానీ, లాకు దగ్గర రబ్బరు గానీ లేదని అర్థం. పాత స్కూటీల ప్యానెళ్లు పగలడానికి సగం కారణం ఇదే. సర్వీసుకి సర్వీసుకి ఒక్కో స్క్రూ పోతుంది, మిగిలినవాటి మీద బరువు పడుతుంది, చిన్న దెబ్బకే అక్కడ బీట వేస్తుంది. స్క్రూలు, రబ్బర్లు అన్నీ కలిపి యాభై రూపాయలు, వాటిని మాత్రం కొత్తవే వేయించండి.

అద్దం మాత్రం అతికించే వస్తువు కాదు. గాజు షాపులో ముక్క కోయించి అంటిస్తే చవకే, కానీ అది చదును అద్దం. బండి అద్దం కొంచెం ఉబ్బుగా ఉంటుంది, అందుకే అరచేయంత గాజులో వెనక రోడ్డంతా కనబడుతుంది. చదును గాజులో మీ వెనక సందు ముక్క మాత్రమే కనబడుతుంది, ఓవర్‌టేక్ చేసే బస్సు కనబడదు. రాడ్డుతో సహా ఎడమవైపుది ఒక్కటి కొనండి, సుమారు 250. విరిగినదాన్ని వెంట తీసుకెళ్లి మర కలిపి చూసుకోండి. అంతకన్నా ముందు హ్యాండిల్ దగ్గర అద్దం దిగే రంధ్రంలో మర చెడిందేమో చూడాలి. పడ్డప్పుడు అద్దం రాడ్డు మెలిపడి మరని కొరికేస్తుంది. మర చెడితే కొత్త అద్దం కూడా గాలికి తిరిగిపోతుంది, అప్పుడు ఆ బ్రాకెట్ సంగతి ముందు తేల్చాలి.

లెక్క చూడండి. పాలసీలు 1,200, ప్యానెల్ 900, అద్దం 250, స్క్రూలు 50. మొత్తం 2,400. ఇంకా 1,600 మీ దగ్గరే ఉంటాయి. దాన్ని ముట్టకండి, పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసి నెలకి రెండు మూడొందలు కలుపుతూ పోండి, వచ్చే టైరో బ్యాటరీయో అందులోంచే రావాలి.

ఆ యాప్ లోన్ వద్దు. పది వేలు చూపించి ఫీజుల పేరుతో 1,200 ముందే కోసి, చేతికి 8,800 ఇచ్చి, మూడు నెలలు 3,700 చొప్పున కట్టమన్నారనుకోండి. 8,800కి 11,100 కడతారు, మూడు నెలలకి 2,300 పోయినట్టే. మీ పాలసీలు, ప్యానెల్ కలిపినదాని కన్నా ఎక్కువే అది. ఒక్క వాయిదా తప్పితే ఆపైన పెనాల్టీ. జీతంలో నాలుగో వంతు పైగా వాయిదాకి పోయే అప్పు, రంగు కలవడం కోసం! అప్పిచ్చేవాళ్లు వార్షిక వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఒకే కాగితంలో చూపాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ కాగితం ఇవ్వని యాప్‌ని ఫోన్‌లోంచే తీసేయండి. నూటికి అయిదు వడ్డీకి ఇచ్చేవాళ్లు ఊళ్లో ఉంటారు, అది ఏడాదికి అరవై శాతం, అటువైపు వెళ్లనే వద్దు. కొత్త బండి ఫైనాన్స్ ఆలోచన ఉన్నా పక్కన పెట్టండి. ఈ బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నిండేది 2029లో, అందాకా ఇది నడుస్తుంది. అప్పుడు ఆర్సీ రెన్యువల్‌కి తనిఖీలో అద్దం, లైట్లు, నంబరు ప్లేటు చూస్తారు గానీ ప్యానెల్ రంగు కాదు.

పాలసీ ఈ రోజే తీసుకోండి, మొదలయ్యే తేదీ, సమయం కాగితం మీద చూసుకుని ఆ తర్వాతే బండి బయటికి తీయండి, మెకానిక్ దగ్గరికైనా సరే. కాగితం చేతికొచ్చాక బండి నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో ఒక్కో అక్షరం కలిపి సరిచూడండి. ఒక్క అంకె తప్పున్నా ఆ రోజే ఫోన్ చేసి దిద్దించుకోండి, క్లెయిమ్ రోజున దిద్దడం కుదరదు.