తొమ్మిది సార్లు గెలిచినా నష్టమే ఎందుకు?

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. వారం వారం నిఫ్టీలో ఐరన్ కాండర్ వేస్తున్నాను, అంటే పైనా కిందా ఒక్కో ఆప్షన్ అమ్మి, ఇంకా దూరంలో రక్షణకు ఒక్కోటి కొంటున్నాను. బ్రోకర్ యాప్‌లో పీఓపీ, అంటే లాభం వచ్చే అవకాశం, 80 శాతం పైన చూపిస్తేనే ట్రేడ్ తీసుకుంటాను. 11 వారాల్లో 9 సార్లు లాభమే, ఒక్కోసారి రెండు వేల నాలుగొందల దాకా. పోయింది రెండు వారాలే, కానీ మొత్తం మీద నాలుగు వేలు మైనస్. ఇక పీఓపీ 90 ఉన్నవే చూసుకుని, మొన్న పాడుకున్న చీటీ డబ్బు 4 లక్షలతో లాట్లు పెంచితే కోలుకుంటానా?

జవాబు: యాప్ మీకు అబద్ధం చెప్పలేదు. పదకొండుకు తొమ్మిది అంటే 82 శాతం, అది చెప్పినట్టే జరిగింది. కాకపోతే ఆ అంకె ఒక్క ప్రశ్నకే జవాబు ఇస్తుంది: ఎక్స్‌పైరీ దాకా కదపకుండా ఉంచితే ఈ పొజిషన్ కనీసం ఒక్క రూపాయైనా లాభంలో ముగుస్తుందా? ఎంత లాభం, ఎంత నష్టం అన్నది దానికి పట్టదు. మీ ఊరి చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకు తీసుకునేవాళ్లను చూడండి. పదేళ్లలో ఎనిమిదేళ్లు కాపు బాగుంటుందని చెబితే చాలదు వాళ్లకు. గాలివాన వచ్చిన ఏడు ఎంత రాలిపోతుందో తేలాకే బేరం.

మీ ట్రేడునే విప్పి చూద్దాం. నిఫ్టీ 25,000 దగ్గర ఉంది, ఎక్స్‌పైరీకి ఏడు రోజులుంది, ఇంప్లైడ్ వోలటిలిటీ, అంటే ఆప్షన్ల ధరలో ఉన్న కదలిక అంచనా, 12 శాతం, లాట్ 65 అనుకుందాం. మీరు 25,500 కాల్, 24,500 పుట్ అమ్మారు. రక్షణకు 25,800 కాల్, 24,200 పుట్ కొన్నారు. రెండు వైపులా ఒకే వోలటిలిటీ అనుకుంటే చేతికి నికరంగా 38 పాయింట్ల ప్రీమియం వస్తుంది, అంటే 2,470 రూపాయలు. పూర్తిగా బెడిసికొడితే పోయేది 262 పాయింట్లు, అంటే 17,030. పీఓపీ 80.5 శాతం.

ఈ 80.5 ఎలా వచ్చింది? ఏడాదికి 12 శాతం వోలటిలిటీ అంటే ఏడు రోజులకు దాదాపు 415 పాయింట్ల కదలిక. మీ బ్రేక్ఈవెన్‌లు, అంటే లాభం నష్టంగా మారే చోట్లు, రెండు వైపులా 538 పాయింట్ల దూరంలో ఉన్నాయి. గంట ఆకారపు గీతలో ఆ రెండింటి మధ్య పడే భాగాన్నే యాప్ పీఓపీగా చూపిస్తుంది. నిఫ్టీ గతంలో ఎలా నడిచిందో అది చూడలేదు. ఆప్షన్ల ధరలో ఉన్న వోలటిలిటీనే వెనక్కి తిప్పి మీకు శాతంగా చూపించింది, అంతే.

ధర నుంచే వచ్చిన అంకె కాబట్టి అందులో మీకు అదనంగా మిగిలేదేమీ ఉండదు. అదే లెక్కతో ఇదే ట్రేడు వంద సార్లు వేశారనుకోండి. 80 చిల్లర సార్లు సగటున 2,400 చొప్పున వస్తుంది, మొత్తం 1.95 లక్షలు. మిగతా 20 లోపు సార్లలో కొన్ని చిన్న నష్టాలు, ఐదారు పూర్తి నష్టాలు. సగటున పది వేల చొప్పున అదీ 1.95 లక్షలే. సరికి సరి. ఇక నాలుగు లెగ్గులకు ఆర్డర్‌కు 20 రూపాయల చొప్పున బ్రోకరేజీ, దాని మీద జీఎస్టీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, ఎస్టీటీ కలిపితే ట్రేడుకు వంద దాటుతుంది. వంద ట్రేడులకు పది వేలు. పీఓపీ వేసినప్పుడు ఈ ఖర్చులు లెక్కలో లేవు.

ఒక మాట ఒప్పుకోవాలి. అసలు కదలిక తరచూ ధరలో ఉన్న వోలటిలిటీ కంటే తక్కువగా ఉంటుంది, అమ్మేవాళ్లకు దీర్ఘకాలంలో దొరికే కాస్త లాభం అదే. కానీ అది మీ ట్రేడులో ఉందో లేదో పీఓపీ చెప్పదు. వోలటిలిటీ 12 కాకుండా 15గా తేలితే మీ 80 శాతం 70కి పడిపోతుంది, పూర్తి నష్టం వచ్చే అవకాశం 5 శాతం నుంచి 12కి పోతుంది.

అసలు గాలివాన ఆ గంట గీతకు అందదు. 2024 జూన్ 4న, ఓట్ల లెక్కింపు రోజు, నిఫ్టీ ఒక్క రోజులో 1,379 పాయింట్లు, దాదాపు 6 శాతం పడింది. నిఫ్టీ ఆప్షన్ల ధరలో ఉన్న వోలటిలిటీని చూపే ఇండియా విక్స్ ముందురోజు 21 దగ్గర ఉంది. దాన్ని రోజుకు మార్చితే 1.3 శాతం కదలిక. అలాంటి గీత ప్రకారం ఆ పతనం వెయ్యేళ్లకోసారి రావాల్సినది. తిరుపతిలో నా దగ్గరకు వచ్చే ఒకాయన ఆ ఉదయం ఫోన్ చేసి, "సార్, నిన్న పీఓపీ 84 చూపించిందండీ" అన్నారు. ఎన్నికల ఫలితం ఉన్న వారమైనా, ఏమీ లేని వారమైనా ఆ గీతకు తేడా తెలియదు. ధరలో వోలటిలిటీ ఎంత పెరిగితే అంతే వెడల్పు అవుతుంది.

మీరు చెప్పలేదు గానీ, మధ్యలో స్టాప్‌లాస్ పెట్టుకుంటారనే అనుకుంటున్నాను. అదైతే ఆ 80 మీది కానే కాదు. ఎక్స్‌పైరీ నాడు నిఫ్టీ 25,500 పైన ఉండే అవకాశం 11.5 శాతం అయితే, వారంలో ఏదో ఒక క్షణం 25,500ని తాకే అవకాశం సుమారు దానికి రెట్టింపు. రెండు వైపులా కలిపితే దాదాపు 45 శాతం. అంటే రెండు వారాల్లో ఒక వారం మీరు అమ్మిన స్ట్రైక్ దగ్గరికి మార్కెట్ వచ్చి మీకు టెన్షన్ పెడుతుంది. అప్పుడు భయపడి బయటికి వచ్చాక నిఫ్టీ వెనక్కి వెళ్తే, యాప్ లెక్కలో గెలిచిన ట్రేడు మీ ఖాతాలో మాత్రం నష్టమవుతుంది.

ఇక మీరు అడిగిన 90 సంగతి. అదే వారం 700 పాయింట్ల దూరంలో అమ్మి 1,000 దూరంలో కొనండి, పీఓపీ 91 దాకా చూపిస్తుంది. వచ్చేది 870 రూపాయలు, పోతే 18,600. ఆ 870లోంచే వంద పైచిలుకు ఖర్చులు. ఒక్క పూర్తి నష్టాన్ని పూడ్చాలంటే దాదాపు 25 వారాలు వరుసగా గెలవాలి. శాతం పెరిగినంత మాత్రాన మీరు భద్రంగా లేరు, నష్టాలు అరుదై పెద్దవయ్యాయి.

లాట్లు పెంచొద్దు. చీటీ పాడుకున్న డబ్బు అంటే మిగిలిన నెలలన్నీ కంతులు కట్టాల్సిన అప్పే, దాన్ని ఇందులో పెట్టకండి. ఏ పనికోసం పాడారో దానికే వాడండి, లేదా ఎఫ్‌డీలో వేసి వడ్డీతో కంతులు కొంత తేలిక చేసుకోండి. ట్రేడింగ్ మానలేనంటే ఒక్క లాట్, నెలకు ఇంతకంటే పోకూడదన్న హద్దు. ఆర్డర్ వేసే ముందు యాప్‌లో పీఓపీ చూపించే స్ట్రాటజీ బిల్డర్‌లోనే వోలటిలిటీని మూడు పాయింట్లు పెంచి చూడండి. పీఓపీ ఎంతకు దిగుతుందో, పక్కనే ఉన్న గరిష్ఠ నష్టం ఎంతో చూశాక కూడా వేయాలనిపిస్తే వేయండి.

ఈ నష్టాన్ని మాత్రం వదులుకోకండి. ఎఫ్ అండ్ ఓ బిజినెస్ ఆదాయం కిందికి వస్తుంది, కాబట్టి ఐటీఆర్-3. జీతంలోంచి తీసేయడం కుదరదు గానీ, గడువులోగా రిటర్న్ వేస్తే 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి వచ్చే బిజినెస్ లాభాల్లో సర్దుకోవచ్చు. ఆ 11 వారాల కాంట్రాక్ట్ నోట్లు తీసి ఛార్జీలు కూడండి. మీరు చెప్పిన నాలుగు వేల మైనస్ అవి కలిపాకా, కలపకముందా?