ఇంట్లో బీపీ నార్మల్, డాక్టర్ దగ్గర ఎక్కువ... ఏది నిజం?

ప్రశ్న: నా వయసు 46. కిరాణం షాపు ఉంది. హన్మకొండలో డాక్టర్‌కు రెండుసార్లు చూపించుకుంటే బీపీ 158/96, 154/94 వచ్చింది, పల్స్ 104. ఇంట్లో మిషన్‌తో చూస్తే 128/80, పల్స్ 62. టెన్షన్ అనిపించినప్పుడు మా బావ వాడే బీపీ గోలి సగం వేసుకుంటున్న. చలికాలంలో పిల్లికూతలు వస్తయి. మా మిషన్ తప్పా? జీవితాంతం మందులు వాడాలా?
- ఒక పాఠకుడు, పరకాల

జవాబు: మిషన్ సంగతి తర్వాత. ముందు ఆ సగం గోలి గురించి మాట్లాడాలి. పేరు రాయలేదు కానీ, ఇంట్లో పల్స్ 62కి దిగిందంటే అది గుండె వేగాన్ని తగ్గించే అటెనోలాల్ లాంటి బీటా బ్లాకర్ కావచ్చు. పిల్లికూతలు వచ్చేవారికి అలాంటి గోలితో ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అప్పుడప్పుడు వేసుకుంటుంటే ఇక వద్దు. వారాల తరబడి రోజూ వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి, గుండె దడ, బీపీ ఎగదన్నొచ్చు. మీ డాక్టర్‌ను అడిగి తగ్గించుకోవాలి. బావకు సరిపోయింది మీకూ సరిపోతుందని ఎవరు చెప్పారండీ?

ఇంకో చిక్కు. డాక్టర్‌ను చూడగానే బీపీ, పల్స్ పెరగడం నిజమే, దాన్ని వైట్ కోట్ ఎఫెక్ట్ అంటాం. బస్సు దిగి, మెట్లెక్కి, టోకెన్ కోసం కూర్చున్న టెన్షన్ కూడా తోడవుతుంది. కానీ ఇంట్లో చూసిన 128 గోలి వేసుకున్నాక వచ్చిందా, వేసుకోకముందా? వేసుకున్నాకైతే అది మీ అసలు బీపీ కాదు. నిజంగా బీపీ ఉండి, గోలి దాన్ని దాచిపెడుతుండొచ్చు.

అందుకే గోలి ప్రభావం పోయాక మళ్లీ మొదటి నుంచి చూడాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో మీ డాక్టర్ చెప్తారు. వారం రోజులు, ఉదయం టిఫిన్‌కు ముందు, రాత్రి పడుకునే ముందు. చాయ్, బీడీ అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. కాలు మీద కాలు వద్దు. చేయి టేబుల్ మీద, గుండె ఎత్తులో ఉండాలి. వేలాడేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. కఫ్ షర్టు మీద కాకుండా చర్మం మీదే చుట్టాలి. చాలామంది ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది: లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కూడా వస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాసుకోండి. నచ్చిన అంకె ఒక్కటే రాసుకోవడం లెక్క కాదు.

వారానికి 28 రీడింగులు వస్తాయి. మొదటి రోజు నాలుగూ వదిలేసి, మిగతా 24కు సగటు తీయండి. 135/85 లేదా అంతకన్నా ఎక్కువైతే బీపీ ఉన్నట్టే. అంతకు తక్కువైతే వైట్ కోట్ అనుకోవచ్చు. అప్పుడు సాధారణంగా వెంటనే మందులు అక్కర్లేదు, కానీ ఏడాదికోసారి చూపించుకోవాలి, కొందరికి తర్వాత నిజం బీపీగా మారుతుంది. సందేహం మిగిలితే 24 గంటల బీపీ పరీక్ష ఉంది. గోలి లేకుండా ఇంట్లోనూ పల్స్ 100 దాటుతుంటే థైరాయిడ్, రక్తహీనత చూడాలి.

180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చేయి పట్టు తప్పడం ఉంటే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మిమ్మల్ని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను. ఈసారి వెళ్లేటప్పుడు రీడింగుల కాగితంతో పాటు ఇంటి మిషన్ కూడా తీసుకెళ్లండి, డాక్టర్ దాంతో పక్కపక్కన చూస్తే మీ మిషన్ అనుమానం తీరుతుంది. ఆ గోలీల షీటు కూడా చూపించండి, దాచకండి.