చేరే తేదీ దగ్గరపడింది, పోలీస్ వెరిఫికేషన్ ఎక్కడుందో అడగొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, 20వ తేదీన చేరాలి. మెడికల్ అయ్యింది కానీ పోలీసులు ఇంతవరకు రాలేదు. ఆఫీసుకి రాసి అడిగితే ఏమైనా అనుమానిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నిర్భయంగా అడగండి. అడిగినందుకు ఉద్యోగం ఆపే నిబంధన ఏదీ లేదు. అయితే రాసేముందు పోలీస్ విచారణ కోసం మీరు నింపిన అటెస్టేషన్ ఫారం నకలు తీసి, చిరునామాలో జిల్లా పేరు ఏం రాశారో చూడండి. రాజోలు 2022 ఏప్రిల్ 4 నుంచి కోనసీమ జిల్లాలో ఉంది, ఎస్పీ ఆఫీసు అమలాపురంలో ఉంటుంది. పాత ఆధార్ చూసి "తూర్పు గోదావరి" అని రాసి ఉంటే మీ కాగితం రాజమహేంద్రవరం వెళ్లి ఉండొచ్చు. అక్కడి నుంచి తిరిగి అమలాపురం రావడానికి రోజులు పడుతుంది, ఈలోగా మీ ఊరి స్టేషన్‌కి సంగతే తెలియదు. గత అయిదేళ్లలో ఏడాదికి మించి హైదరాబాద్‌లోనో మరో ఊళ్లోనో ఉన్నట్టు రాసి ఉంటే, అక్కడికీ విడిగా విచారణ వెళ్తుంది.

ఇక ఉత్తరం. ఆఫర్ లెటర్ పంపిన అధికారికే మెయిల్ చేసి, అదే స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఆఫర్ లెటర్ నంబరు, ఫారం ఇచ్చిన తేదీ, సరైన పోలీస్ స్టేషన్, జిల్లా పేర్లు రాయండి. "ఏమైంది" అని ఊరుకోకుండా, విచారణ కోరుతూ ఏ జిల్లాకు, ఏ తేదీన, ఏ నంబరుతో లేఖ పంపారో చెప్పమనండి. ఆ నంబరు చేతిలో ఉంటే ఎస్పీ ఆఫీసులోని స్పెషల్ బ్రాంచ్‌లో కాగితం వెతకడం తేలిక. మెడికల్ రిపోర్టు అందిందా అన్నది కూడా అందులోనే ఒక వాక్యంలో అడగండి. సమాచార హక్కు దరఖాస్తు ఇప్పుడు పనికిరాదు, దానికి జవాబివ్వడానికి 30 రోజుల గడువుంది.

20 లోపు పోలీసు నివేదిక రాకపోయినా దారి ఉంది. అభ్యర్థి స్వీయ ప్రకటన తీసుకుని, పోలీసు నివేదిక కోసం ఆగకుండా తాత్కాలిక నియామకం ఇవ్వవచ్చని కేంద్రం 2016లో తన శాఖలకు చెప్పింది. అలా చేర్చుకోమని మీ ఉత్తరంలోనే కోరండి. ఆ నియామకం తర్వాత వచ్చే నివేదికకు లోబడే ఉంటుంది. కాబట్టి ఫారంలో ఏదైనా కేసు గానీ, జరిమానా గానీ రాయడం మరిచిపోతే, పోలీసులు చెప్పకముందే మీరే రాసివ్వండి. చిన్న కేసైతే అధికారి క్షమించే వీలుందని అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. దాచినట్టు తేలితే మాత్రం ఆ దాచడమే తొలగింపుకు కారణం కావచ్చు.

ఇప్పుడు వేరే ఉద్యోగం చేస్తుంటే, చేర్చుకుంటామని రాతపూర్వకంగా వచ్చేదాకా దానికి రాజీనామా చేయకండి. 20 లోపు జవాబు రాకున్నా ఇంట్లో ఉండిపోవద్దు. ఆ రోజు కాగితాలన్నీ తీసుకుని ఆఫీసుకి వెళ్లి, హాజరైనట్టు లేఖ ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.