గిఫ్ట్ ఇస్తామంటే ఫ్రాడ్ అనుకుంటున్నారు!

ప్రశ్న: మాది విజయవాడ. ఆటోనగర్‌లోని స్పేర్ పార్ట్స్ షాపులకు బిల్లింగ్ యాప్ చేసి ఇచ్చాం. అందులో ‘రిటర్న్’ ఆప్షన్‌ని దాదాపు ఎవరూ వాడటం లేదు. ఎందుకో వాళ్లనే అడుగుదామని, ‘అభినందనలు! మా కస్టమర్ రీసెర్చ్‌కు మీరు ఎంపికయ్యారు. చిన్న ఇంటర్వ్యూలో పాల్గొని గిఫ్ట్ వోచర్ పొందండి. ఈ లింకులో నమోదు చేసుకోండి’ అని నలభై షాపులకు వాట్సాప్ పెట్టాం. ఇద్దరే స్పందించారు. అందులో ఒకాయన ‘ఇది ఫ్రాడా?’ అని అడిగాడు. మెసేజ్ ఎలా రాయాలి? గిఫ్ట్ ఎంత ఇవ్వాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. అభినందనలు, ఎంపికయ్యారు, గిఫ్ట్, లింకు... ఈ నాలుగూ ఒక్క మెసేజ్‌లో కనబడితే ఎవరికైనా సైబర్ మోసమే గుర్తొస్తుంది. ముందు ఆ లింకు తీసేయండి. పేరు, ఫోన్ నంబరు మీ దగ్గర ఉన్నవే కదా, మళ్లీ ఫారం నింపించడం ఎందుకు? మెసేజ్ కూడా కొత్త నంబరు నుంచి కాకుండా, యాప్‌లో ఇబ్బంది వస్తే వాళ్లు ఫోన్ చేసే మీ సర్వీస్ నంబరు నుంచే వెళ్లాలి. ఒకే మెసేజ్ అందరికీ ఒకేసారి పంపితే కొందరు బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు. అలాంటివి ఎక్కువైతే వాట్సాప్ మీ నంబరునే ఆపేయొచ్చు. రోజుకు నాలుగైదు షాపులకు, పేరు పెట్టి పంపండి.

అయితే మెసేజ్ ఎవరికి వెళ్లాలన్నది ఇంకా పెద్ద విషయం. మీ దగ్గర ఉన్న నంబర్లు చాలావరకు ఓనర్లవై ఉంటాయి. సరుకు వెనక్కి వచ్చినప్పుడు కౌంటర్‌లో నిలబడి తీసుకునేది మాత్రం బిల్లింగ్ కుర్రాడు. ఓనర్‌ని అడిగితే ‘అంతా బాగానే ఉంది, రేటు కొంచెం తగ్గించండి’ అంటాడు, మీ గంట అయిపోతుంది. అందుకని అనుమతి ఓనర్‌ని అడగండి, ఇంటర్వ్యూ కుర్రాడితో చేయండి. మనిషిని ఖాయం చేసుకునే ముందు ఒక్క ప్రశ్న చాలు: ‘పోయిన వారం మీ షాపులో బిల్లులు ఎక్కువగా ఎవరు కొట్టారు?’ అదే ‘రిటర్న్ ఆప్షన్ వాడతారా?’ అని అడిగారనుకోండి, మీకు కావలసిన జవాబేదో వాళ్లకు తెలిసిపోతుంది. గిఫ్ట్ కోసమో, మొహమాటానికో ‘ఆ, వాడతాం’ అనేస్తారు.

టాపిక్ చెప్పేటప్పుడూ ఇదే చిక్కు. ఏం మాట్లాడతారో చెప్పకపోతే ఎవరూ రారు. మరీ విడమరచి చెబితే జవాబు తయారుచేసుకుని వస్తారు. ‘రిటర్న్ ఆప్షన్ ఎందుకు వాడటం లేదో తెలుసుకోవాలి’ అని రాస్తే, ఆ కుర్రాడు ముందురోజు రాత్రి ఆప్షన్ తెరిచి నేర్చుకుని కూర్చుంటాడు. తప్పు తనదేమోనని టెన్షన్ పడతాడు కూడా. ‘అమ్మిన సరుకు వెనక్కి వస్తే మీ షాపులో ఏం చేస్తారు’ అని పని పేరు చెప్పండి, మీ ఆప్షన్ పేరు ఎత్తకండి. మెకానిక్ రెండు సైజుల బేరింగులు తీసుకెళ్లి, సరిపోయింది ఉంచుకుని రెండోది వెనక్కి తెచ్చాడనుకోండి. అప్పుడు దాన్ని చిట్టాలో రాస్తారా, పాత బిల్లు కొట్టేసి కొత్తది కొడతారా, అసలు అలాంటి సరుకుకు ముందు బిల్లే కొట్టరా? మీకు కావలసింది ఈ సంగతి. ఇంటర్వ్యూలో అదే బయటపడుతుంది, మెసేజ్‌లో మీరు ఊహించి రాయొద్దు.

ఏం అడగరో కూడా చెప్పాలి. షాపుల వాళ్లకు లెక్కల భయం ఉంటుంది. అమ్మకాలు ఎంత, జీఎస్టీ ఎంత కట్టారు అని అడగబోమని ఒక్క వాక్యం పెడితే, గిఫ్ట్ కంటే అదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

టైమ్ విషయంలో ‘చిన్న ఇంటర్వ్యూ’, ‘కొద్ది నిమిషాలు’ అనకండి. మీ ప్రశ్నలు ముందు ఆఫీసులోనే ఒకరితో వేసి చూసుకోండి. ఇరవై అయిదు నిమిషాలు పడితే అరగంట అని రాయండి. పది నిమిషాలని చెప్పి వెళితే పదకొండో నిమిషానికి ఆయన కళ్లు కౌంటర్ వైపే ఉంటాయి. అసలు విషయం వచ్చేది మాత్రం చివరి పది నిమిషాల్లోనే. ‘మీకు ఎప్పుడు వీలు?’ అని అడిగితే ‘చెబుతాలే’ అంటారు. రెండు టైములు మీరే ఇవ్వండి.

ఇక గిఫ్ట్. ఆన్‌లైన్ వోచర్ వద్దు. దాన్ని వాడాలంటే మళ్లీ ఒక లింకు, ఒక కోడ్. యాప్ చందాలో డిస్కౌంట్ కూడా వద్దు, అది ఓనర్‌కు లాభం, మాట్లాడిన కుర్రాడికి ఏమీ రాదు. అరగంటకు 300 నుంచి 500 రూపాయలు, మాట్లాడిన మనిషి నంబరుకే యూపీఐలో వేయడం మేలు. అంతకంటే ఎక్కువ పెడితే డబ్బు కోసమే వచ్చేవాళ్లు తయారవుతారు. ఓనర్‌కు తెలియకుండా మాత్రం ఇవ్వొద్దు, రేపు ఆ కుర్రాడికి మాట వస్తుంది. ఓనరే స్వయంగా కూర్చుంటే మూడొందలు చేతిలో పెట్టడం బాగోదు, స్వీట్ బాక్స్ తీసుకెళ్లండి.

ఇవన్నీ కలిపితే మెసేజ్ ఇలా ఉంటుంది:

> నమస్కారం … గారు. మీ బిల్లింగ్ యాప్ సర్వీస్ నంబరు నుంచి రాస్తున్నాం. అమ్మిన సరుకు వెనక్కి వచ్చినప్పుడు షాపుల్లో ఏం చేస్తారో తెలుసుకుని యాప్‌ని సరిచేద్దామనుకుంటున్నాం. మీ షాపులో బిల్లులు కొట్టే వారితో అరగంట మాట్లాడాలి, మేమే షాపుకు వస్తాం. అమ్మకాల లెక్కలు, జీఎస్టీ వివరాలు అడగం. ఏదీ అమ్మడానికి రావడం లేదు. మాట్లాడిన వారికి ఆ సాయంత్రమే రూ.400 యూపీఐలో పంపుతాం. ఓటీపీ, పిన్ ఏదీ అడగం, లింకు పంపం. మంగళవారం లేదా బుధవారం మధ్యాహ్నం 3 గంటలకు వీలవుతుందా? కుదరకపోతే ఫర్వాలేదు, మీ సర్వీసులో ఏ తేడా ఉండదు. అనుమానం ఉంటే ఈ నంబరుకే ఫోన్ చేయండి.

మూడు గంటలన్నది నా అంచనా. మీ షాపుల్లో తీరిక ఎప్పుడో మీ సర్వీస్ కుర్రాళ్లకు బాగా తెలుస్తుంది, వాళ్లను అడిగి మార్చుకోండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. అందుకే ఆ వాక్యం ధైర్యంగా రాయొచ్చు. పొరపాటున కూడా వాళ్లు పిన్ కొట్టాల్సిన, డబ్బు అడిగే రిక్వెస్ట్ లాంటిది పంపకండి.

రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేయండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. అయిదు ఇంటర్వ్యూలు కావాలంటే ఏడుగురిని ఖాయం చేసుకోండి, ఆ రోజు లోడు దిగిందని ఒకరిద్దరు ఎలాగూ తప్పుకుంటారు. ముందురోజు సాయంత్రం ఒక రిమైండర్ చాలు. రోజూ సర్వీసుకు వచ్చే మీ కుర్రాడిని ఇంటర్వ్యూకు కూర్చోబెట్టొద్దు. అతని మొహం చూసి యాప్‌ని తిట్టలేక మెచ్చుకుంటారు, లేదా పాత కంప్లయింట్లన్నీ మొదలుపెడతారు.

వాయిస్ రికార్డ్ చేయాలనుకుంటే ఆ మాట వాళ్లు ఒప్పుకున్నాక, ఖాయం చేసే మెసేజ్‌లో చెప్పండి: ఎవరు వింటారు, ఎప్పుడు తీసేస్తారు, వద్దంటే నోట్స్ రాసుకుంటామని. షాపులో కూర్చున్నాక ఫోన్ బల్ల మీద పెట్టి అడిగితే కాదనలేక ఊ అంటారు, అది ఒప్పుకోవడం కాదు. మధ్యలో గిరాకీ వచ్చి పది నిమిషాలకే లేచిపోయినా చెప్పిన నాలుగు వందలూ పంపేయండి. డబ్బు పంపిన మెసేజ్‌లో మాత్రం యాప్‌కు రేటింగ్ ఇవ్వమని అడగకండి.