పై చార్టులో డిగ్రీలు ఎవరివో ముందు చూడండి

ప్రశ్న: పై చార్టు, పట్టిక కలిపి ఇచ్చే లెక్కల్లో మొత్తం సంఖ్య చెప్పనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు వచ్చిన జవాబు ఆప్షన్లలో ఉంటుంది, కానీ తప్పవుతోంది.

జవాబు: శ్రీకాకుళంలో బ్యాంకు పరీక్షలకు చదివేవారికి లెక్కలు చెబుతుంటాను. మీరు చెప్పిన పొరపాటు వాళ్ల నోటు పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. సాధారణంగా తప్పేది గుణకారాలు, భాగహారాలు కాదు. పై చార్టు ఒక గుంపు గురించి చెబుతుంటే, చేతిలో ఉన్న అంకె మరో గుంపుది అవుతుంది.

క్లాసులో నేను ఇచ్చే లెక్క ఒకటి చూడండి. అంకెలు అభ్యాసం కోసం వేసుకున్నవే. ఒక పరీక్షకు దరఖాస్తు చేసిన మొత్తం అభ్యర్థులను పై చార్టు ఊళ్లవారీగా చూపుతోంది: పలాసకు 72 డిగ్రీలు, టెక్కలికి 54 డిగ్రీలు. పట్టికలో పురుషులు, మహిళల నిష్పత్తి ఉంది: పలాసలో 5:4, టెక్కలిలో 7:5. పలాస మహిళలు 640 మంది. టెక్కలి మహిళలు ఎందరు?

చాలామంది వెంటనే 640ని 54తో గుణించి 72తో భాగిస్తారు. 480 వస్తుంది. ప్రశ్న తయారుచేసేవారికి ఇది తెలుసు కనుక 480ని ఒక ఆప్షన్‌గా పెడతారు. కానీ ఆ 72 డిగ్రీలు పలాస మహిళలవి కావు, పలాస అభ్యర్థులందరివీ. అందుకే ముందు పట్టిక దగ్గరికి వెళ్లాలి. 4 భాగాలు 640 అయితే ఒక భాగం 160. పలాసలో మొత్తం 9 భాగాలు, అంటే 1440 మంది. ఇప్పుడు మన అంకె, చార్టు ఒకే గుంపువి అయ్యాయి కాబట్టి చార్టు వాడవచ్చు. 54, 72ల నిష్పత్తి 3:4, కనుక టెక్కలి అభ్యర్థులు 1080 మంది. మళ్లీ పట్టికకు వస్తే, 12 భాగాల్లో మహిళలవి 5. జవాబు 450.

అన్ని ఊళ్ల మొత్తం 7200 అని మనం కనుక్కోనే లేదు. అడగనప్పుడు దాని జోలికి వెళ్లకండి, సమయం వృథా.

తప్పును పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది. 480 వచ్చిన దారిలో టెక్కలి నిష్పత్తి 7:5ను ఎక్కడా వాడలేదు. రెండు ఊళ్ల నిష్పత్తీ ఒకటే అయి ఉంటేనే ఆ దారి సరిపోయేది. అడిగిన ఊరి వరుసను పట్టికలో ముట్టుకోకుండానే జవాబు వచ్చేస్తే, చార్టు శీర్షికను మళ్లీ చదవండి.

శీర్షికలో ‘మహిళా అభ్యర్థులు’ అని ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పుడు 480 సరైన జవాబే. పట్టిక అవసరం పురుషులను అడిగినప్పుడు వస్తుంది: 5 భాగాలు 480 కనుక ఒక భాగం 96, టెక్కలి పురుషులు 672 మంది.