పుస్తకం కొనేముందు కోడ్ సంగతి చూసుకోండి

ఆగస్టులో అమెరికా వెళ్తున్న చిత్తూరు తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, సెమిస్టర్ పుస్తకాలు కొత్తవి కొనాలా, పాతవా, డిజిటలా? తిరుపతిలోనే కొని పట్టుకుపోతే పోదా?"

తమ్ముడూ, ముందు నా సంగతి విను. మొదటి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ పుస్తకం కొత్తది 160 డాలర్లుంటే, ఒక సీనియర్ దగ్గర పాతది 50కే దొరికింది. నూటపది మిగిలాయని ఆ రాత్రే చిత్తూరుకు ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. రెండో వారం హోంవర్క్ ఇచ్చారు. అది పుస్తకంలో లేదు, పబ్లిషర్ వెబ్‌సైట్‌లో ఉంది. అందులోకి పోవాలంటే యాక్సెస్ కోడ్ కావాలి. నా పుస్తకం అట్ట లోపల కోడ్ మీదున్న పూత ఎవరో ఎప్పుడో గీకేశారు. ఒకరు వాడిన కోడ్ ఇంకొకరికి పనిచేయదు. కొత్త కోడ్‌కు 110 కట్టాను. తీరా చూస్తే దాంతోపాటే డిజిటల్ పుస్తకం కూడా వచ్చింది. అంటే ముందు పెట్టిన 50 దండగే. దాన్ని రూపాయల్లోకి మార్చుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు.

మీలాంటి పిల్లలు ధరలు బాగానే వెతుకుతారు, ప్రొఫెసర్ ఇచ్చే సిలబస్ మాత్రం చదవరు. అందులో కోడ్ తప్పనిసరి అని ఉంటే పాత పుస్తకం జోలికి పోవద్దు, కోడ్‌తో వచ్చే డిజిటల్ చాలు. కొన్ని యూనివర్సిటీలు పుస్తకం ఖర్చును ఫీజు బిల్లులోనే కలిపేస్తాయి. వద్దనుకుంటే గడువులోపు చెప్పాలి, ఆ తేదీ మీ యూనివర్సిటీ సైట్‌లో చూసుకో.

కోడ్ లేదా, అప్పుడు పాతదే కొను. రెండో సెమిస్టర్‌లో డేటాబేస్ పుస్తకం పాతది 70కి కొన్నాను. డిజిటల్ అయితే 180 రోజులకు 55. చూడ్డానికి డిజిటలే చవక. కానీ పరీక్షల వారంలో నా పుస్తకాన్ని జూనియర్‌కు 40కి అమ్మాను, నాకు పడింది 30. డిజిటల్‌కు పెట్టిన డబ్బు పైసా తిరిగి రాదు. అయితే కొత్త ఎడిషన్ వస్తోందని తెలిస్తే పాతది అడిగేవాడుండడు, అప్పుడు డిజిటలే మేలు. పూర్తిగా కొత్త పుస్తకం నేను కొన్నది ఒక్కటే, ఉద్యోగంలో కూడా తెరిచి చూస్తానని నమ్మకం కుదిరినది.

ఇక తిరుపతిలో కొనడం. ఇండియన్ ఎడిషన్ చాలా చవక, మాట నిజమే. కానీ కొన్నిట్లో అధ్యాయాల చివరి లెక్కలు మారిపోతాయి. ప్రొఫెసర్ 14వ లెక్క చేయమంటే నీ పుస్తకంలో అది వేరే లెక్క కావచ్చు. పైగా అందులో కోడ్ ఉండకపోవచ్చు, అక్కడ అమ్ముదామన్నా కొనేవాళ్లు తక్కువ. కోర్ సబ్జెక్ట్ పుస్తకం ఒకటో రెండో తెచ్చుకో. లెక్కల నంబర్లను లైబ్రరీలో అందరూ చూసుకోవడానికి రిజర్వ్‌లో పెట్టే కాపీతో సరిచూసుకో. మిగతావి మొదటి క్లాసులో సిలబస్ చేతికొచ్చాకే కొను.